ముందు అయిపోయేది డబ్బా, ఆయుష్షా?

ఉద్యోగం ముగిసిన రోజున ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము కలిసి ఒక పెద్ద మొత్తంగా చేతికొస్తాయి. మర్నాటి నుంచి అదే మళ్ళీ జీతంలా నెలనెలా రావాలి. అందుకు మన దేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొత్తాన్ని ఒకేసారి బీమా కంపెనీకి కట్టి, బతికున్నంతకాలం స్థిరమైన పింఛను తీసుకోవడం మొదటిది. దీన్నే యాన్యుటీ అంటారు. డబ్బును మ్యూచువల్ ఫండులో ఉంచి, ప్రతి నెలా ఇంతని యూనిట్లు అమ్మించుకుంటూ తీసుకోవడం రెండోది. దీని పేరు సిస్టమాటిక్ విత్‌డ్రావల్ ప్లాన్, వాడుకలో ఎస్‌డబ్ల్యూపీ. ఈ రెండింటినీ పోల్చే చర్చ దాదాపు ఎప్పుడూ ఒక్క వాక్యంతో ముగుస్తుంది: యాన్యుటీ ఇచ్చేది ఆరున్నర శాతం, ఫండు ఇచ్చేది పది పన్నెండు, ఇక ఆలోచించడానికేముంది? ఈ పోలిక రెండు వైపులా తప్పని నా అభిప్రాయం. ఫండు వైపు అది సగటు రాబడిని చూసి, ఆ సగటు ఏ క్రమంలో వచ్చిందన్నది వదిలేస్తుంది. యాన్యుటీ వైపు, పేరుకు మాత్రమే యాన్యుటీ అయిన రకాన్ని తూచి, మొత్తం యాన్యుటీల మీద తీర్పు చెప్పేస్తుంది. రెండు తప్పులూ సరిచేసి చూస్తే ఏది మేలన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఏ వయసులో, ఏ ఖర్చుకు, ఏ రకం యాన్యుటీ అన్న ప్రశ్న ముందుకొస్తుంది.

ముందు ఎస్‌డబ్ల్యూపీ సంగతి. చేతిలో కోటి రూపాయలున్నాయి, నెలకు 50 వేలు కావాలి, ఫండు ఏటా 9 శాతం పెరుగుతుందనుకుందాం. ఏడాదికి తీసేది 6 లక్షలు, వచ్చేది అంతకంటే ఎక్కువ. కాబట్టి డబ్బు ఎప్పటికీ తరగదు, పైగా పెరుగుతుంది. ఎస్‌డబ్ల్యూపీ ప్రచార పట్టికల్లో కనిపించేది సాధారణంగా ఈ లెక్కే. ఇందులో దాగిన లోపం ఏమిటంటే ఇరవయ్యేళ్ళ తరవాత కూడా ఆ ఇంటికి 50 వేలే సరిపోతాయనుకోవడం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో ఖర్చు రెట్టింపవుతుంది, ఇరవయ్యేళ్ళకు మూడు రెట్లు దాటుతుంది. అందుకని తీసే మొత్తాన్ని కూడా ఏటా 6 శాతం పెంచుకుంటూ, ఏడాది ఖర్చు ఏడాది మొదట్లోనే తీసేస్తామనుకుని మళ్ళీ లెక్క వేస్తే, ఎన్నటికీ తరగనిదనుకున్న ఆ కోటి 22 ఏళ్ళకు అయిపోతుంది. అరవైలో మొదలుపెట్టినవారికి ఎనభై రెండో ఏట ఖాతా ఖాళీ. మొదటి ఏడాది 6 లక్షలకు బదులు 5 లక్షలతో మొదలుపెడితే 28 ఏళ్ళు దాటుతుంది, 4 లక్షలతో మొదలుపెడితే 41 ఏళ్ళు వస్తుంది. అంటే ఫండు ఎంచుకోవడంలో చూపే నేర్పు కన్నా మొదటి ఏడాది ఎంత శాతం తీస్తున్నామన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. మన దగ్గర చర్చ మాత్రం ఏ ఫండు అన్నదాని చుట్టూనే తిరుగుతుంటుంది.

ఆ 22 ఏళ్ళు కూడా ఏటా సరిగ్గా 9 శాతం వస్తేనే. మార్కెట్ అలా ఇవ్వదు. అరవైలో విరమణ పొందిన ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరి దగ్గరా కోటి, ఇద్దరూ 6 లక్షలతో మొదలుపెట్టి ఏటా 6 శాతం పెంచుకుంటూ తీస్తున్నారు, ఇద్దరికీ అన్ని ఏళ్ళూ 9 శాతమే. ఒక్క ఏడాది మాత్రం 30 శాతం పడిపోయింది. ఆ ఏడాది మొదటివారికి విరమణ పొందిన తొలి ఏటే వచ్చింది, రెండోవారికి పదిహేనో ఏట వచ్చింది. రెండోవారి డబ్బు 19 ఏళ్ళు వచ్చింది. మొదటివారిది 13 ఏళ్ళకే, డెబ్బై మూడో ఏట, అయిపోయింది. ఇద్దరూ డబ్బు ముట్టుకోకుండా ఉంచి ఉంటే ఆ చెడ్డ ఏడాది ముందొచ్చినా వెనకొచ్చినా చివరికి మిగిలేది ఒక్కటే. తీస్తున్నప్పుడు మాత్రం క్రమమే సర్వస్వం. కారణం యూనిట్ల దగ్గర ఉంది. యూనిట్ ధర 100 ఉన్నప్పుడు 50 వేలకు 500 యూనిట్లు అమ్మితే చాలు. ధర 60కి పడితే అదే 50 వేలకు 833 యూనిట్లు అమ్మాలి. మార్కెట్ మళ్ళీ లేచేసరికి ఆ అదనపు 333 యూనిట్లు మన ఖాతాలో ఉండవు కాబట్టి ఆ లేవడంలో మన వాటా తగ్గిపోతుంది. నెలనెలా పెట్టుబడి పెట్టేవారికి మేలు చేసే పతనమే నెలనెలా తీసేవారికి అంతగానూ కీడు చేస్తుంది. 2007 చివర 20 వేల పైన ఉన్న సెన్సెక్స్ 2008 చివరికి 10 వేల లోపుకు వచ్చింది, 2009లో బ్రహ్మాండంగా లేచింది. ఆ మూడేళ్ళను కదలకుండా కూర్చుని దాటినవారి కథ వేరు, 2008 జనవరిలో విరమణ పొంది నెలనెలా యూనిట్లు అమ్ముకున్నవారి కథ వేరు.

సురక్షితంగా ఎంత తీయవచ్చన్న ప్రశ్నకు అమెరికా నుంచి వచ్చిన ఒక జవాబు ఇక్కడ విరివిగా వాడుకలో ఉంది. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ప్రచురించిన వ్యాసంలో 1926 నుంచి ఉన్న అమెరికా మార్కెట్ లెక్కలు తీసుకుని, మొదటి ఏడాది 4 శాతం తీసి ఆపైన ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుంటూ పోయినా ముప్ఫై ఏళ్ళపాటు డబ్బు సరిపోయిందని చూపించాడు. మంచి పరిశోధనే. కానీ అది ఒక దేశపు చరిత్ర. సెన్సెక్స్‌కు ఆధార సంవత్సరం 1978-79. అప్పటి నుంచి నేటివరకు తీసుకుంటే ఒకదానితో ఒకటి కలవని ముప్ఫై ఏళ్ళ కాలాలు మనకు రెండు కూడా పూర్తిగా లేవు. మన ద్రవ్యోల్బణం అమెరికాలో కన్నా ఎక్కువ, డెట్ రాబడుల తీరు వేరు. ఇంత కొద్ది చరిత్రతో నాలుగో, మూడున్నరో అని ఖచ్చితమైన అంకె చెప్పడం కుదరదు. ఒక్కటి మాత్రం నమ్మకంగా చెప్పవచ్చు. మొదటి ఏడాది 6 శాతం పైన తీస్తూ, ఏటా ధరలకు తగ్గట్టు పెంచుకుంటూ ముప్ఫై ఏళ్ళు నడవాలంటే అదృష్టం కూడా తోడవ్వాలి.

దీనికి ఎస్‌డబ్ల్యూపీ వైపు నుంచి వచ్చే సమాధానం తేలికైనది కాదు, కాబట్టి దాన్ని సరిగ్గానే వినాలి. మొత్తం డబ్బు ఈక్విటీలో ఎవరు పెట్టమన్నారు? అయిదారేళ్ళ ఖర్చు డెట్ ఫండులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములోనో ఉంచి, మిగతాదే ఈక్విటీలో పెడితే పతనంలో అమ్మే అవసరమే రాదు కదా అంటారు. ఇది క్రమం తెచ్చే దెబ్బను నిజంగానే తగ్గిస్తుంది, ఆ పద్ధతి తెలివైనదే. అయితే అది రాబడినీ తగ్గిస్తుంది. పైగా డెట్ అన్న మాటకు భద్రత అన్న అర్థం ఎల్లప్పుడూ రాదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన ఆరు డెట్ పథకాలను మూసివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు వాటిలో నడుస్తున్న ఎస్‌డబ్ల్యూపీలన్నీ ఆగిపోయాయి. మదుపరులకు డబ్బు విడతలుగా తిరిగి రావడం మరుసటి ఏడాదిలో గానీ మొదలుకాలేదు. చివరికి డబ్బు దక్కిందన్నది నిజమే. కానీ నెల ఖర్చుకు దాని మీదే ఆధారపడినవారికి కావలసింది ఏడాది తరవాత వచ్చే డబ్బు కాదు. ఇక సీనియర్ సిటిజన్స్ స్కీము విషయానికొస్తే అందులో 30 లక్షల వరకే పెట్టవచ్చు, వడ్డీ అయిదేళ్ళకే స్థిరం. 2015-16లో 9.3 శాతం ఇచ్చిన ఆ పథకం 2020లో 7.4కు దిగి, 2023లో మళ్ళీ 8.2కు వచ్చింది. గడువు ముగిసిన రోజున ఏ రేటు దొరుకుతుందో ముందే ఎవరికీ తెలియదు. జీవితాంతం ఒకే రేటు అని రాసిచ్చేది యాన్యుటీ ఒక్కటే.

యాన్యుటీ ఎలా పనిచేస్తుందో చాలామందికి సరిగ్గా చెప్పేవారు లేరు. అది కంపెనీ ఇచ్చే వడ్డీ మాత్రమే అయితే దాని అవసరమే లేదు, బాండ్లు మనమే కొనుక్కోవచ్చు. అందులో వడ్డీకి మించినది ఒకటుంది. డెబ్బై అయిదేళ్ళవారు వెయ్యి మంది తలా 10 లక్షలు ఒక నిధిలో వేశారనుకుందాం. ఆ ఏడాది వారిలో నలభై మంది కన్నుమూస్తే వారు వదిలిన 4 కోట్లు మిగిలిన 960 మందికి పడతాయి, అంటే తలా 41 వేల పైచిలుకు. పెట్టుబడి మీద వచ్చే వడ్డీకి తోడు ఇది మరో 4 శాతం. ఇదే లెక్క అరవై ఏళ్ళవారికి వేసి, ఏడాదికి వెయ్యిలో పది మంది పోతారనుకుంటే అదనంగా వచ్చేది ఒక్క శాతమే. ఈ అదనపు రాబడి ఏ మ్యూచువల్ ఫండు దగ్గరా, ఏ బ్యాంకు దగ్గరా దొరకదు, ఎందుకంటే అది పెట్టుబడిలో నుంచి పుట్టదు. ఎక్కువకాలం బతికినవారికి, ముందుగా వెళ్ళిపోయినవారు వదిలినది చేరుతుంది, అంతే. మెనాహెమ్ యారీ అనే ఆర్థికవేత్త 1965లో రాసిన వ్యాసంలో వారసులకు ఏమీ వదలాలనుకోని మనిషికి, సరసమైన ధర దొరికితే, మొత్తం డబ్బును యాన్యుటీగా మార్చుకోవడమే మేలని గణితంతో నిరూపించాడు. అయినా జనం ఎందుకు కొనరన్న వింత గురించి ఫ్రాంకో మోడిగ్లియానీ 1985లో తన నోబెల్ ఉపన్యాసంలోనే ప్రస్తావించాడు. బ్రిటన్‌లో 2015 ఏప్రిల్ నుంచి యాన్యుటీ కొనాలన్న ఒత్తిడి తొలగించగానే అమ్మకాలు కుప్పకూలాయి.

మన దేశంలో వింత ఇంకో మెట్టు పైన ఉంది. ఇక్కడ యాన్యుటీ కొనేవారు కూడా ఎక్కువగా యాన్యుటీ కొనరు. ఏజెంటు ముందుగా చూపించేది, కొనేవారికి నచ్చేది, పోయాక కట్టిన సొమ్ము మొత్తం నామినీకి తిరిగి వచ్చే రకం. పైన చెప్పిన లెక్కతో దీన్ని తూచి చూడండి. పోయిన నలభై మందీ తమ 10 లక్షలు వెనక్కి పట్టుకుపోతే మిగిలినవారికి పంచడానికేముంటుంది? ఏమీ ఉండదు. అలాంటి పథకంలో మిగిలేది కంపెనీ పెట్టుబడుల వడ్డీలో నుంచి దాని ఖర్చులు తీసేయగా వచ్చేదే. దీన్ని పసిగట్టడానికి నిపుణులు అక్కర్లేదు, రేట్ల పట్టిక చాలు. సొమ్ము తిరిగి రాని రకంలో అరవై ఏళ్ళకు రేటు సుమారు 8 శాతం ఉంటే డెబ్బై ఏళ్ళకు 10 దాటుతుంది, ఆపైన ఇంకా వేగంగా పెరుగుతుంది. సొమ్ము తిరిగొచ్చే రకంలో అరవైకీ డెబ్బైకీ రేటు దాదాపు కదలదు, ఆరున్నర దగ్గరే తచ్చాడుతుంది. వయసుతో పెరగని రేటు ఆయుష్షుకు సంబంధించినది కాదు, అది వడ్డీయే. (కంపెనీని, తేదీని బట్టి ఈ అంకెలు మారతాయి. లెక్క కోసం గుండ్రంగా తీసుకున్నాను.) కోటి రూపాయలకు ఈ రెండు రకాల మధ్య తేడా ఏడాదికి సుమారు లక్షన్నర. ఆ లక్షన్నర ఏటా వదులుకున్నందుకు ప్రతిఫలం ఇరవై పాతికేళ్ళ తరవాత పిల్లలకు చేరే కోటి. అప్పటికి ఆ కోటి విలువ, 6 శాతం ద్రవ్యోల్బణంతో, నేటి పాతిక ముప్ఫై లక్షలు. పిల్లలకు ఇవ్వాలనుకోవడం తప్పని ఎవరూ అనరు. అయితే దాని ఖర్చు తల్లిదండ్రుల నెల పింఛనులో నుంచి పోతోందని కొనే ముందు ఎవరో ఒకరు చెప్పాలి. యాన్యుటీ అంటే ఆరున్నర శాతం అన్న అపకీర్తి అంతా ఈ రకం తెచ్చినదే.

ఇక్కడ ప్రతి ఇంట్లోనూ వచ్చే అభ్యంతరం ఒకటుంది. కట్టిన ఏడాదికే పోతే కోటి రూపాయలూ కంపెనీ మింగేస్తుంది కదా? ఈ భయాన్ని మూఢత్వమని తోసిపుచ్చే సలహాదారులుంటారు, నేను అలా అనను. దానికి సరైన జవాబులు యాన్యుటీలోనే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరి మీదా తీసుకుంటే ఒకరు పోయాక రెండోవారికి పూర్తి పింఛను కొనసాగుతుంది. పదేళ్ళో పదిహేనేళ్ళో హామీ ఉన్న రకం తీసుకుంటే ఆ గడువులో ఏం జరిగినా పింఛను ఎవరో ఒకరికి అందుతుంది. రెండూ రేటును కొంత తగ్గిస్తాయి గానీ సొమ్ము తిరిగిచ్చే రకం అంతగా కాదు. దీనికంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. తాను చాలాకాలం బతుకుతానని నమ్మకం ఉన్నవారే యాన్యుటీ కొంటారు, కాబట్టి కంపెనీలు ఆ దీర్ఘాయుష్కుల లెక్క ప్రకారమే ధర నిర్ణయిస్తాయి. మన బీమా రంగం యాన్యుటీదారుల కోసం మామూలు జీవిత బీమా పట్టికకు భిన్నమైన మరణాల పట్టికను వాడుతున్నది ఇందుకే. దీని అర్థం స్పష్టం. గుండె, మూత్రపిండాల వంటి జబ్బులతో ఆయుర్దాయం తగ్గిందని తెలిసినవారు తమ ఒక్కరి జీవితం మీదే యాన్యుటీ కొనడం నష్టం. వారికి ఎస్‌డబ్ల్యూపీయే సరైనది.

యాన్యుటీకి అసలైన శత్రువు మరణం కాదు, ధరలు. ఈ రోజు నెలకు 54 వేలు ఇచ్చే యాన్యుటీ ఇరవయ్యేళ్ళ తరవాతా 54 వేలే ఇస్తుంది, కొనుగోలు శక్తి మాత్రం నేటి 17 వేలకు దిగుతుంది. ఏటా 3 శాతం పెరిగే రకం ఒకటి ఎల్ఐసీ జీవన్ అక్షయ్ వంటి పథకాల్లో ఉంది. కానీ ఆ పెరుగుదల మొదటి పింఛను మీద లెక్కించే సాధారణ పెరుగుదల, చక్రవడ్డీ లాంటిది కాదు. అందుకు బదులుగా మొదట్లో వచ్చేది గణనీయంగా తగ్గుతుంది. ద్రవ్యోల్బణంతో పాటు పెరిగే యాన్యుటీ మన మార్కెట్‌లో లేకపోవడానికి కంపెనీల పిసినారితనం కారణం కాదు. అలాంటి హామీ ఇవ్వాలంటే ద్రవ్యోల్బణంతో పాటు రాబడి పెరిగే ప్రభుత్వ బాండ్లు కంపెనీ చేతిలో ఉండాలి. రిజర్వ్ బ్యాంకు 2013లో అలాంటివి విడుదల చేసింది గానీ ఆదరణ లేక ఆ ప్రయత్నం నిలవలేదు. కాబట్టి అరవైలోనే మొత్తం డబ్బు యాన్యుటీలో పెట్టడం పాతికేళ్ళపాటు ధరలకు ఎదురెళ్ళడమే. ఇందులో ఎస్‌డబ్ల్యూపీ పక్షం వాదన పూర్తిగా న్యాయమైనది.

పన్ను విషయం చాలా పెద్దదని చెబుతుంటారు, అంత పెద్దది కాదు. యాన్యుటీలో వచ్చే ప్రతి రూపాయీ ఆదాయమే, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, మన అసలే మనకు తిరిగొస్తున్నా సరే. ఎస్‌డబ్ల్యూపీలో అమ్మిన యూనిట్లలోని లాభానికే పన్ను. 100కి కొన్న యూనిట్ 108కి చేరాక 6 లక్షలు తీస్తే అందులో లాభం సుమారు 44 వేలే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. అయితే 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి, వేరే పింఛను లేకుండా ఏడాదికి అయిదారు లక్షల యాన్యుటీ వచ్చేవారికి పన్నే పడదు. ఈక్విటీ దీర్ఘకాలిక లాభం ఏడాదికి లక్షా 25 వేలు దాటితే పడే 12.5 శాతం మాత్రం ఈ రిబేటుతో పోదు. పెద్ద ఆదాయం ఉన్నవారికి ఎస్‌డబ్ల్యూపీ పన్ను మేలు నిజం, మధ్యతరగతి విరమణదారుకు అది నిర్ణయాత్మకం కాదు.

ఇప్పుడొక పూర్తి లెక్క చూద్దాం. భర్తకు 60, భార్యకు 57. చేతిలో కోటి. సొంతిల్లుంది, ఆరోగ్య బీమా వేరే ఉంది. నెలకు 40 వేలు కావాలి. అందులో బియ్యం, పాలు, మందులు, కరెంటు వంటి తప్పనివి 25 వేలు. 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ స్కీములో పెడితే 8.2 శాతం చొప్పున నెలకు సగటున 20,500 వస్తుంది. మిగిలిన 70 లక్షలు ఎక్కువ భాగం డెట్, కొంత ఈక్విటీ ఉన్న ఫండులో పెట్టి 19,500 ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకున్నారు. అంటే మొదటి ఏడాది ఫండు నుంచి తీసేది 3.3 శాతమే. తొలి పదేళ్ళలో మార్కెట్ పడినా తట్టుకునేది ఇక్కడే. ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుంది, ఆ పెరుగుదలంతా ఎస్‌డబ్ల్యూపీ మోస్తుంది. ఫండు రాబడి 8 శాతం, స్కీము వడ్డీ మారలేదు అనుకుంటే, డెబ్బై ఏళ్ళ నాటికి ఫండులో సుమారు 94 లక్షలు, స్కీములో 30 లక్షలు, మొత్తం కోటీ 24 లక్షలు. అప్పటికి నెల ఖర్చు 71,600కు చేరింది, అందులో తప్పనిది దాదాపు 45 వేలు. ఇప్పుడు, అరవైలో కాదు, సొమ్ము తిరిగి రాని రకంలో ఇద్దరి జీవితాల మీదా యాన్యుటీ కొంటారు. రేటు 9 శాతం అనుకుంటే 60 లక్షలకు నెలకు 45 వేలు. మిగిలిన 64 లక్షల నుంచి ఎస్‌డబ్ల్యూపీ కొనసాగుతుంది.

ఏమైంది? అదే 8 శాతం రాబడి, అదే 6 శాతం ద్రవ్యోల్బణంతో ఆ 64 లక్షలు ఎనభై అయిదో ఏటికి అయిపోతాయి. యాన్యుటీ కొనకుండా కోటీ 24 లక్షలూ ఎస్‌డబ్ల్యూపీలోనే ఉంచితే అది ఎనభై ఆరో ఏడు దాటి, ఎనభై ఏడు నిండకముందే అయిపోతుంది. తేడా ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నర వదులుకున్నందుకు, ఫండు ఖాళీ అయ్యాక కూడా ఇద్దరిలో చివరివారు ఉన్నంతకాలం నెలకు 45 వేలు వస్తూనే ఉంటాయి. ధరలు పెరిగి అది డెబ్బైనాటి 19 వేలతో సమానమే కావచ్చు, సున్నా మాత్రం కాదు. అప్పటికి భార్య వయసు 82. అరవై దాటిన భారతీయులు సగటున మరో 18 ఏళ్ళే బతుకుతారన్న లెక్క ఇక్కడ పనికిరాదు. అది ఒక్క మనిషికి, అందరికీ కలిపి వేసిన సగటు. ఇద్దరిలో ఒక్కరైనా తొంభై చూసే అవకాశం ఎంతన్నదే ఇక్కడి ప్రశ్న, అది సగటు సూచించే దానికంటే చాలా ఎక్కువ. ఇంకో సంగతి. మార్కెట్ అనుకున్నట్టు నడవక డెబ్బై తరవాత పతనం వస్తే రెండు దారుల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే యాన్యుటీ ఉన్నవారికి తప్పని ఖర్చులో ఎక్కువ భాగం కోసం యూనిట్లు అమ్మే పని లేదు.

ఈ పథకం మీద రెండు ప్రశ్నలు వేయవచ్చు. పదేళ్ళ తరవాత వడ్డీ రేట్లు పడిపోతే యాన్యుటీ రేటూ తగ్గదా? తగ్గుతుంది. కానీ డెబ్బై ఏళ్ళవారి యాన్యుటీలో వడ్డీ వాటా తక్కువ, ఆయుష్షు వాటా ఎక్కువ. అందుకే అరవై ఏళ్ళవారి రేటును దెబ్బతీసినంతగా వడ్డీ పతనం దీన్ని దెబ్బతీయదు. అంత భయం ఉంటే 68, 70, 72 ఏళ్ళలో మూడు విడతలుగా కొనవచ్చు. రెండో ప్రశ్న, బీమా కంపెనీ దివాలా తీస్తే? ఎల్ఐసీ పాలసీలకు 1956 నాటి ఎల్ఐసీ చట్టం 37వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. ప్రైవేటు కంపెనీలకు లేదు. వాటికున్నది నియంత్రణ సంస్థ కోరే 150 శాతం సాల్వెన్సీ నిష్పత్తి మాత్రమే. పెద్ద మొత్తమైతే రెండు కంపెనీల మధ్య పంచడం మంచిది. ఒకసారి కొన్నాక సొమ్ము తిరిగి రాని రకాన్ని సాధారణంగా వెనక్కి ఇవ్వలేం, కాబట్టి ఆస్పత్రి ఖర్చుకు వేరే డబ్బు లేనివారు, పిల్లల పెళ్ళి, ఇంటి అప్పు వంటివి మిగిలి ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

కొందరికి ఈ ఎంపిక పూర్తిగా తమ చేతుల్లో ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2004 సెప్టెంబరు తరవాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరి సీపీఎస్ కింద ఉన్నవారు విరమణ సమయంలో నిధిలో 40 శాతంతో యాన్యుటీ కొనాలన్నది నియమం. ప్రభుత్వేతర ఎన్‌పీఎస్ చందాదారులకు 2025 డిసెంబరులో దాన్ని 20 శాతానికి తగ్గించారు. కొనడం తప్పనిసరి అయినా ఏ రకం కొనాలన్నది చందాదారు ఇష్టం. జరిగే నష్టమంతా ఆ రకాన్ని ఎంచుకునే ఫారంలోనే జరుగుతుంది, చాలామంది ఆలోచించకుండా సొమ్ము తిరిగొచ్చే రకానికి టిక్కు పెట్టేస్తారు. భార్యకో భర్తకో వేరే పింఛను ఉందా, మిగిలిన 60 శాతం పిల్లలకు చాలదా అని చూసుకుని, ఇద్దరి మీదా సొమ్ము తిరిగి రాని రకానికి అన్ని కంపెనీల రేట్లూ పక్కపక్కన అడగాలి. ఒకే వయసుకు, ఒకే రకానికి కంపెనీల మధ్య తేడా కనిపిస్తుంది, అది జీవితాంతం ప్రతి నెలా వచ్చే తేడా. మిగిలిన 60 శాతం మీద ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకునేవారు ఆ ఫండు ఫోలియోను ఇద్దరి పేర్లతో, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా తీసుకోవాలి. యాన్యుటీకి ఏటా జీవన ధ్రువీకరణ ఇస్తే చాలు. ఎస్‌డబ్ల్యూపీకి మాత్రం ఎంత పెంచాలి, ఏ ఫండు నుంచి తీయాలి, ఎప్పుడు తగ్గించాలి అన్న నిర్ణయాలు ఎనభై దాటాక కూడా ఎవరో ఒకరు తీసుకుంటూనే ఉండాలి. లావాదేవీలన్నీ ఇప్పటిదాకా భర్తే చూసుకున్న ఇళ్ళలో డెబ్బై ఏళ్ళ నాటి యాన్యుటీ వాటాను 60 లక్షల కంటే కాస్త పెంచడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.